20 టన్నుల క్రేన్ లాంగ్ ట్రావెల్ షాఫ్ట్: సైజు ఎట్లా కట్టినం, 65 ఎందుకు చాలదు

కరీంనగర్ బయట గ్రానైట్ కటింగ్ షెడ్డులో ఉన్న 20 టన్నుల ఓవర్‌హెడ్ క్రేన్‌కు లాంగ్ ట్రావెల్ షాఫ్ట్ మార్చాలె. షెడ్డు మెయింటెనెన్స్ వాళ్లకు, బార్ తిప్పే లేత్ షాపుకు ఇద్దరికీ ఈ ఒక్క కాగితమే. పాత షాఫ్ట్ 65 మి.మీ. విరగలేదు, వంగలేదు. అయినా క్రేన్ అడ్డం తిరిగి నడుస్తున్నది, ఒక వైపు చక్రాల ఫ్లాంజ్‌లు లోపలి నుంచి మెరుగు పెట్టినట్టు అరిగినయ్. ‘అదే సైజుల ఈఎన్ 24 వేస్తే సరిపోతది’ అన్న మాట వచ్చింది. సరిపోదు. ఎందుకో లెక్కలోనే తేలుతుంది.

ముందు ఉన్న సంగతులు. స్పాన్ 16 మీటర్లు. బ్రిడ్జి నడుమ 3.7 కిలోవాట్ల మోటారు (5 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం), దానికి గేర్‌బాక్స్. గేర్‌బాక్స్ నుంచి రెండు దిక్కులకు ఒక్కో షాఫ్ట్ పోయి చివరి చక్రాన్ని తిప్పుతుంది. ఒక్కో పక్క షాఫ్ట్ పొడవు 7.5 మీటర్లు. చక్రం 400 మి.మీ., నడక నిమిషానికి 25 మీటర్లు. అంటే చక్రం, దాంతో పాటు షాఫ్ట్, నిమిషానికి 25 / (3.14 × 0.4), సుమారు 20 చుట్లు తిరుగుతుంది. టార్క్ లెక్కకు ఈ 20 వేయాలె, మోటారు ప్లేటు మీది 1440 కాదు. ఆ 1440 వేస్తే 24.5 న్యూటన్ మీటర్లే వచ్చి, వేలు లావు రాడ్డు చాలన్నట్టు కనపడుతుంది.

```
T = 9550 × P(kW) / N(rpm)
T = 9550 × 3.7 / 20 = 1767 N·m
```

ఇది గేర్‌బాక్స్ బయట మొత్తం టార్క్. గేర్‌బాక్స్‌లో పోయేది తీసేయలేదు, అది మన పక్కకే మొగ్గుతుంది. దీన్ని సగం సగం చేసి వదిలేయొద్దు. రాయి కోసే గ్యాంగ్‌సా షెడ్డులో ఒక చివర ఉంది కాబట్టి ట్రాలీ రాయి బ్లాకును పట్టుకొని ఆ చివరకు పోయినప్పుడు ఆ పక్క చక్రం మీద ముప్పావు బరువు పడుతుంది, దొర్లడానికి అడ్డుపడే బలం కూడా ఆ పక్కే ఎక్కువ. అందుకని బరువు పక్క షాఫ్ట్‌కు ముప్పావు: 1767 × 0.75 = 1325. ఇక క్రేన్ రోజంతా ఆగి బయల్దేరే బండి. స్టార్ట్ అయ్యేటప్పుడు పడే ఊపుకు 1.5 రెట్లు కలిపితే, రౌండ్ చేసి 1990 న్యూటన్ మీటర్లు. ఈ కాగితంలో ఇక ముందు అన్నింటికీ ఇదే టార్క్.

బలం వైపు నుంచి చూద్దాం. బార్ ఈఎన్ 8. ఏఎస్‌ఎంఈ పాత షాఫ్ట్ కోడ్ ప్రకారం, ఈల్డ్‌లో 30 శాతం లేదా అల్టిమేట్‌లో 18 శాతం, ఏది తక్కువో అది. కీవే ఉంటే దాంట్లో ముప్పావు. ఈల్డ్ 280, అల్టిమేట్ 550 అనుకుంటే 84 మెగాపాస్కల్స్ వచ్చి, కీవేతో 63కు దిగుతుంది. కానీ మనం కొనే బార్ స్టాకిస్టు దగ్గర దొరికేది, దానికి టెస్ట్ సర్టిఫికెట్ వస్తుందన్న నమ్మకం లేదు. అట్లాంటి బార్‌కు కీవేతో 42 మీదనే నిలబడడం మంచిది.

```
d³ = 16 T / (π τ)
d³ = 16 × 1990000 / (3.1416 × 42) = 241300 mm³
d  = 62.3 mm
```

సర్టిఫికెట్ ఉన్న బార్‌కు 63 వేస్తే 54.4 మి.మీ. వస్తుంది. ఎట్లా చూసినా పాత 65 బలానికి సరిపోయింది. అందుకే అది విరగలేదు, ‘షాఫ్ట్ బాగనే ఉంది’ అని అందరూ అన్నరు.

ఇప్పుడు మెలిక. అసలు తిప్పలు ఇక్కడే. లైన్ షాఫ్టులకు మీటరుకు 2.5 నుంచి 3 డిగ్రీల దాకా మెలి తిరిగినా పర్వాలేదని పుస్తకాల్లో ఉంటుంది. బెల్టు తిప్పే మిల్లుకైతే నిజమే. పుల్లీ కొంచెం ఆలస్యంగా తిరిగితే ఎవరికీ నష్టం లేదు. మన క్రేన్‌కు అది వేస్తే 7.5 మీటర్లకు 18.75 డిగ్రీలు, చక్రం అంచు దగ్గర 65 మి.మీ. అంత వెనకబడ్డ చక్రంతో బ్రిడ్జి నేరుగా పోదు. ఇంకో కొసన, క్యామ్ షాఫ్టులకు వాడే మీటరుకు 0.25 డిగ్రీ పెడితే 87.3 మి.మీ. బార్ కావాలె. ఈ పనికి అది దండుగ. అందుకని మీటరుకు అర డిగ్రీ పెట్టినం.

```
d⁴ = 32 T / (π G θ)
θ  = 0.5°/m = 0.5 × π/180 = 0.00873 rad/m
G  = 80 × 10⁹ Pa
d⁴ = 32 × 1990 / (3.1416 × 80×10⁹ × 0.00873)
d  = 0.0734 m  →  75 mm
```

డిగ్రీలను రేడియన్‌లోకి మార్చడం మర్చిపోతే d సుమారు 27 మి.మీ. వస్తుంది. బలం లెక్కలో 62 వచ్చి, మెలిక లెక్కలో 27 వస్తే తప్పు ఎక్కడో ఇట్టే తెలుస్తుంది.

ఇక ఈఎన్ 24 సంగతి. మెలిక లెక్కలో స్టీల్ గుణంగా వచ్చేది G ఒక్కటే. ఈఎన్ 8 అయినా, ఈఎన్ 19 అయినా, ఈఎన్ 24 అయినా అది సుమారు 80 గిగాపాస్కల్సే. హార్డెనింగ్ చేసినా మారదు. 65 మి.మీ. ఈఎన్ 24 షాఫ్ట్ విరగకుండా ఎక్కువ కాలం ఉంటుంది కానీ, పాత 65 ఎంత మెలి తిరిగిందో అంతే తిరుగుతుంది. డబ్బు లావుకు పెట్టాలె, గ్రేడుకు కాదు. మెలిక వ్యాసం నాలుగో ఘాతంతో తగ్గుతుంది: 65 నుంచి 75కు పోతే వ్యాసం 15 శాతమే పెరిగింది, మెలిక మాత్రం 44 శాతం తగ్గింది.

లెక్కను తిప్పి వేసి చూస్తే ఇట్లా ఉంటుంది. 65 మి.మీ.లో స్టార్టింగ్‌కు బరువు పక్క 6.1 డిగ్రీలు, చక్రం అంచు దగ్గర 21.3 మి.మీ.; తేలిక పక్క దాంట్లో మూడో వంతు, 7.1 మి.మీ. తేడా 14.2 మి.మీ. బ్రిడ్జి అంత వంకరగా బయల్దేరుతుంది. 75 మి.మీ.లో 12 కి 4, అంటే తేడా 8 మి.మీ. షియర్ స్ట్రెస్ 24 మెగాపాస్కల్సే. షాఫ్ట్ సొంత బరువు వంపును కూడా చూసినం: మీటరుకు 34.7 కిలోలు, ప్లమ్మర్ బ్లాకుల మధ్య 2.5 మీటర్లు అయితే 266 న్యూటన్ మీటర్ల బెండింగ్. దాన్ని 1.5 రెట్లు చేసి టార్క్‌తో కలిపినా 1990 కాస్తా 2030 అవుతుంది, లెక్క మారదు. 20 చుట్ల వేగానికి విర్లింగ్ భయం లేదు. కాబట్టి సైజు 75 మి.మీ., ఈఎన్ 8.

కీ 20 × 12. షాఫ్ట్ అంచు మీద పడే బలం 2 × 1990 / 0.075, అంటే 53 కిలోన్యూటన్లు. షియర్‌కు 63 మి.మీ. పొడవు చాలు గానీ, నలిగిపోకుండా 90 మెగాపాస్కల్స్‌తో చూస్తే 98 కావాలె. అందుకని కీ 100 మి.మీ. పొడవు, కప్లింగ్ హబ్ కూడా అంతకు తక్కువ ఉండొద్దు. లేత్ షాపుల్లో తరచు 65, 70 కోసి వదిలేస్తరు. షియర్‌కు సరిపోతుంది కాబట్టి విరగదు, కీవే గోడ నలిగి మెల్లగా వదులైతది.

ఆ వదులు చిన్నదని కొట్టిపారేయొద్దు. కీ దగ్గర 0.2 మి.మీ. ఆట ఉంటే, 37.5 మి.మీ. వ్యాసార్థం మీద ఉన్నది 200 మి.మీ. చక్రం అంచుకు పోయేసరికి 1.07 మి.మీ. అవుతుంది. షాఫ్ట్ మూడు ముక్కలు, కాబట్టి ఒక పక్కకు కప్లింగ్‌లు నాలుగు, కీలు ఎనిమిది. ఎనిమిదింటిలో ఆ పాటి ఆట ఉంటే 8.5 మి.మీ. షాఫ్ట్ లావు చేసి మిగిల్చుకున్నది మొత్తం కీలలో పోయినట్టే. కీ చేత్తో దూరకూడదు, సుత్తితో మెల్లగా కొట్టి దించాలె.

బ్రైట్ బార్ కొని నేరుగా కీవే కొడితే, బార్‌ను డై లోంచి లాగినప్పుడు లోపల బిగుసుకున్న స్ట్రెస్ వదిలి బార్ విల్లులా వంగుతుంది. 80 మి.మీ. హాట్ రోల్డ్ బార్ తెచ్చి, కీవే కొట్టి, ఆ తర్వాత 75కు ఫినిష్ చేయండి. ముక్క పొడవు 2.5 మీటర్లు. లేత్ బెడ్ చాలకపోతే ముందే చెప్పండి.

ఒక్కో పక్క 260 కిలోలు బ్రిడ్జి మీద ఎక్కుతుందని బాధ ఉంటే బోలు షాఫ్ట్ దారి ఉంది. 4 అంగుళాల షెడ్యూల్ 40 సీమ్‌లెస్ పైపు, బయటి వ్యాసం 114.3, మందం 6.02 మి.మీ. దీని బిగువు 75 గట్టి షాఫ్ట్‌కు దాదాపు రెట్టింపు, బరువు మీటరుకు 16 కిలోలే. కానీ రెండు చివర్లా ఈఎన్ 8 స్టబ్‌లు వెల్డ్ చేసి, వెల్డ్ అయినంకనే జర్నల్స్ ఫినిష్ తిప్పాలె. ముందే తిప్పి వెల్డ్ చేస్తే వెల్డు లాగి సెంటర్ తప్పిస్తుంది. మంచి వెల్డర్ దొరికితే మా మొగ్గు పైపుకే. ఈసారి చేతిలో ఉన్న షాపును చూసి గట్టి బార్ రాసినం.

ఫిట్టింగ్‌లో రెండు సంగతులు. వేసవిలో రేకుల కింద, రాత్రికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే 7.5 మీటర్ల షాఫ్ట్ 2.7 మి.మీ. సాగుతుంది. గేర్‌బాక్స్ దగ్గరి ప్లమ్మర్ బ్లాక్ ఒక్కటే లాక్ చేయండి, మిగతావాటిలో బేరింగ్ పక్కకు జరగనియ్యాలె. రెండోది, షాఫ్ట్ మార్చకముందు రెండు డ్రైవ్ చక్రాల వ్యాసం కొలవండి. 1 మి.మీ. తేడా ఉన్నా చుట్టుకు 3.14 మి.మీ. చొప్పున, 30 మీటర్ల నడకలో 75 మి.మీ. దాకా ఒక పక్క ముందుకు పోవాలని చూస్తుంది. ఫ్లాంజ్ దాన్ని రుద్ది ఆపుతుంది. అట్లాంటి చక్రాల మీద 75 కాదు, 100 మి.మీ. షాఫ్ట్ వేసినా ఫ్లాంజ్ అరుగుతనే ఉంటుంది. కొలిచిన అంకెలు ఇదే కాగితం వెనక రాసి, బార్ ఆర్డర్ పెట్టకముందే పంపండి.