కై-వర్గ స్వాతంత్ర్య పరీక్ష: పది మార్కుల లెక్క మొదటి నుంచి చివరి దాకా

ప్రశ్న. వరంగల్ జిల్లాలో 200 మంది పత్తి రైతులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఎంత భూమి ఉంది, పత్తి ఎక్కడ అమ్మారు అని అడిగారు. భూమి విస్తీర్ణానికీ అమ్మిన చోటికీ సంబంధం ఉందేమో 5% సార్థకతా స్థాయి వద్ద పరీక్షించండి. (ఇవి లెక్క కోసం ఊహించిన అంకెలు.)

| భూమి | ఎనుమాముల యార్డు | ఊర్లోనే వ్యాపారికి | మొత్తం |
|---|---|---|---|
| 2.5 ఎకరాల లోపు | 38 | 42 | 80 |
| 2.5 నుంచి 5 వరకు | 44 | 26 | 70 |
| 5 ఎకరాల పైన | 38 | 12 | 50 |
| మొత్తం | 120 | 80 | 200 |

మెట్టు 1: పరికల్పనలు

H₀: భూమి విస్తీర్ణం, అమ్మిన చోటు ఒకదానిపై ఒకటి ఆధారపడవు.
H₁: ఆ రెండింటికీ సంబంధం ఉంది.

ఈ పరీక్షలో శూన్య పరికల్పన H₀ ఎప్పుడూ "సంబంధం లేదు" అనే ఉంటుంది. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు. అప్పుడు లెక్కంతా సరిగ్గా వచ్చినా ముగింపు తప్పుతుంది.

మెట్టు 2: ఆశించిన పౌనఃపున్యాలు

ఈ లెక్కకు ప్రాణం ఇక్కడే ఉంది. సూత్రం బట్టీ పట్టకండి, ఎలా వచ్చిందో చూడండి. 200 మందిలో 120 మంది, అంటే 60 శాతం, యార్డుకు వెళ్లారు. H₀ నిజమైతే చిన్న రైతైనా పెద్ద రైతైనా అదే 60 శాతం వెళ్లాలి. చిన్న రైతులు 80 మంది కాబట్టి అందులో 48 మంది యార్డులో కనిపించాలి. సూత్రం చెప్పేదీ ఇదే:

E = (అడ్డు వరుస మొత్తం × నిలువు వరుస మొత్తం) / N = (80 × 120) / 200 = 48

మిగిలిన గడులూ ఇలాగే: 80×80/200 = 32, 70×120/200 = 42, 70×80/200 = 28, 50×120/200 = 30, 50×80/200 = 20. అడ్డంగా కూడితే మళ్లీ 80, 70, 50 రావాలి. రాకపోతే అక్కడే ఆగి సరిచూసుకోండి, ముందుకు పోవద్దు.

ప్రతి E విలువా 5 కంటే ఎక్కువే ఉంది కాబట్టి పరీక్ష వాడొచ్చు. ఈ మాట జవాబులో ఒక వాక్యంగా రాయండి. షరతు E విలువలకే, పట్టికలో ఇచ్చిన O విలువలకు కాదు. ఎక్కడైనా E మరీ తక్కువగా వస్తే, అర్థం చెడకుండా పక్క వర్గంతో కలిపేయాలి.

మెట్టు 3: χ² విలువ

χ² = Σ (O − E)² / E

| O | E | O − E | (O − E)² | (O − E)²/E |
|---|---|---|---|---|
| 38 | 48 | −10 | 100 | 2.083 |
| 42 | 32 | 10 | 100 | 3.125 |
| 44 | 42 | 2 | 4 | 0.095 |
| 26 | 28 | −2 | 4 | 0.143 |
| 38 | 30 | 8 | 64 | 2.133 |
| 12 | 20 | −8 | 64 | 3.200 |
| 200 | 200 | 0 | | 10.779 |

మొదటి రెండు వరుసల్లో తేడా పదే, కానీ ఒకచోట 2.083, ఇంకోచోట 3.125. ముప్పై రెండు మంది ఉండాల్సిన చోట పదిమంది తేడా, నలభై ఎనిమిది మంది చోట పదిమంది తేడా కన్నా బరువైనది. E తో భాగించేది అందుకే.

టైమ్ మిగిలితే Σ(O²/E) − N తో సరిచూసుకోండి: 210.78 − 200 = 10.78.

మెట్టు 4: డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్

(r − 1)(c − 1) = (3 − 1)(2 − 1) = 2

మొత్తాలు మారకూడదన్నప్పుడు వేర్వేరు అడ్డు వరుసల్లో రెండు గడులు నింపితే చాలు, మిగతా నాలుగూ వాటంతట అవే తేలిపోతాయి. అందుకే 2. మొత్తాల వరుసను, మొత్తాల నిలువును r, c లలో లెక్కపెట్టవద్దు. 1900లో ఈ పరీక్షను ప్రవేశపెట్టిన కార్ల్ పియర్సన్ ఇలాంటి పట్టికకు rc − 1 తీసుకున్నాడు. దాన్ని 1922లో ఫిషర్ సరిదిద్దాడు. అంత పెద్దవాళ్ల మధ్యే వాదం నడిచిన చోటు కాబట్టి కంగారు పడకుండా నెమ్మదిగా అర్థం చేసుకోండి.

మెట్టు 5: నిర్ణయం

5% స్థాయి వద్ద, df = 2 కి పట్టిక విలువ 5.991. మనకు వచ్చింది 10.78. 10.78 > 5.991 కాబట్టి H₀ ను తిరస్కరిస్తాం. 1% వద్ద పట్టిక విలువ 9.210, అక్కడా తిరస్కరణే.

ముగింపు. భూమి విస్తీర్ణానికీ పత్తి అమ్మే చోటికీ సంబంధం ఉందని 5% స్థాయి వద్ద చెప్పవచ్చు. చిన్న రైతులు ఆశించిన దానికంటే తక్కువగా యార్డుకు వెళ్లారు (48కి బదులు 38), 5 ఎకరాలు దాటినవారు ఎక్కువగా వెళ్లారు (30కి బదులు 38). మధ్య రైతుల దగ్గర తేడా దాదాపు లేదు.

"భూమి తక్కువ కావడం వల్లే ఊర్లో అమ్ముకున్నారు" అని మాత్రం రాయకండి. ట్రాక్టర్ కిరాయి, వ్యాపారి దగ్గర తెచ్చుకున్న అప్పు, ఏది కారణమో ఈ పట్టిక చెప్పదు. సంబంధం ఉందన్నంత వరకే దీని సాక్ష్యం.