యాభై నిండిన నాకు నేనే రాసుకుంటా ఉండా

హ్యాపీ బర్త్‌డే అమ్మాయ్. యాభై ఏళ్ళదానికి ఇంకా అమ్మాయ్ ఏందని నవ్వొద్దు, అమ్మ పోయినాక నిన్ను అట్ట పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, అందుకే ఈరోజుకి నేనే పిలుచుకుంటా ఉండా.

చిత్తూరు జిల్లా తిరపతిలో పుట్టినావు, ఇల్లు కదలకుండానే 2022లో తిరుపతి జిల్లాదానివి అయిపోయినావు. అంతకు మించి నీ లైఫ్‌లో పెద్ద మార్పులేం లేవు, కొర్లగుంటలో అదే వీధి, అదే మిషను, పెళ్ళిళ్ళ సీజన్లో జాకెట్లు, మిగతా రోజుల్లో ఫాల్స్, పీకో, స్కూలు యూనిఫాంలు. కొన్ని ఇళ్ళల్లో అవ్వకి, కూతురికి, మనవరాలికి కూడా కుట్టినావు. అది నీ గొప్పేం కాదులే, రేటు పెంచినప్పుడల్లా గొణుక్కుంటానే అయినా వాళ్ళు నీ దగ్గరికే వచ్చినారు. ఆయనకి పని లేని రోజుల్లో ఎదురింటి అక్క మన పిల్లలకి కూడా కలిపి సంగటి కెలికేది, గుడ్డల అంగడాయన లైనింగు గుడ్డ అప్పుకిచ్చి ఎప్పుడిస్తావని ఒక్కసారి కూడా అడగలా. ఈ యాభైలో వాళ్ళ వాటా చానా ఉండాది, మర్చిపోవద్దు.

నీలో నాకు నచ్చేది ఒకటి చెప్తా. జాకెట్ కుట్టేటప్పుడే లోపల గుడ్డ కొంచెం ఎక్కువ వదుల్తావు, ఏడాది తర్వాత బిగుతయిందని తెస్తే మాట్లాడకుండా కుట్టు విప్పి వదులు చేసిస్తావు, లావైనావని ఎవర్నీ మొహం మీద అనవు. మరి నీతో నువ్వు అట్ట ఎందుకుండవే? సూదిలో దారం ఎక్కకపోతే ముసల్దాన్నైనానని తిట్టుకుంటావు, ఇంటర్‌తో ఆగిన చదువుని ఇప్పటికీ తవ్వుకుంటావు, పండక్కి అందరివీ కుట్టి నీ చీరకి జాకెట్ లేకుండా పాతదే ఏస్కుంటావు. నీకు కూడా లోపల రెండంగుళాలు వదులుకో తల్లీ.

ఈ వారమే పోయి కళ్ళు చూపించుకో, అద్దాలు మార్చుకో, డబ్బులు కట్టే సంగతి నేను చూసుకుంటా (అంటే నువ్వే). కొండకి ఈసారి కూడా అలిపిరి నుంచే నడువు, 3,550 మెట్లు యాడికీ పోవు, ముందు పోయే పిల్లోళ్ళని దాటాలని చూడొద్దు, గాలి గోపురం దగ్గర బాగా సేపు కూర్చో, మోకాళ్ళ మెట్టు దగ్గర ఇంకోసారి కూర్చో. మరీ నొప్పైతే బస్సెక్కి పో, స్వామేం అనుకోడు.

సాయంత్రం పిల్లలు కేకు తెస్తారు, ఇంత ఖర్చెందుకు పెట్టినారని మొదలుపెట్టొద్దు. క్యాండిల్ ఊదు, మొదటి ముక్క నువ్వే తిను. ఎదురింటి అక్కకి పెద్ద ముక్క పంపించు, ఆమెకి షుగర్ ఉందిలే, అయినా తింటాది.