ఎమ్మెస్ దరఖాస్తుకు రికమెండేషన్ లెటర్ కోరుతూ మా ఎంటమాలజీ సార్‌కి ఉత్తరం

గుంటూరు,
12 అక్టోబర్ 2025

గౌరవనీయులైన సార్‌కి,

నమస్కారాలు. నేను అనూషని సార్, బాపట్ల అగ్రికల్చరల్ కాలేజీ, 2018 బ్యాచ్. పేరు ఒక్కటే చెబితే గుర్తుపట్టడం కష్టం, మా బ్యాచ్‌లోనే ఇంకో ఇద్దరు అనూషలు ఉండేవాళ్లు. ప్రత్తిపాడు మండలంలో రైతుల దగ్గర ఉండి నేర్చుకునే రావే శిక్షణ చేస్తూ, స్పిరిట్ సీసాల్లో మిరప పూలు వేసుకుని మీ ల్యాబ్ బయట నిలబడేదాన్ని. ఇప్పుడు గుర్తొచ్చి ఉంటాను.

ముందు విషయం చెప్పేస్తాను. అమెరికాలో ఎంటమాలజీలో ఎమ్మెస్‌కి, 2026 ఆగస్టులో మొదలయ్యే కోర్సుకి, మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు చేస్తున్నాను. ఒక్కోదానికి మూడేసి రికమెండేషన్ లెటర్లు కావాలి. అందులో ఒకటి మీరు రాయాలని నా కోరిక. అన్నిటికన్నా ముందు ముగిసే గడువు డిసెంబర్ 1. మీరు నవంబర్ 20 లోపు పంపగలిగితే నాకు టెన్షన్ ఉండదు. రాయడం కుదరదనుకుంటే అక్టోబర్ 25 లోపు ఒక్క మెసేజ్ పెట్టండి సార్, వేరే ఎవరినైనా అడిగే టైం ఉంటుంది. కారణం చెప్పక్కర్లేదు, నేనేమీ అనుకోను.

డిగ్రీ అయ్యాక ఏం చేస్తున్నానో మీకు తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. 2022 నుంచి గుంటూరు దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా ఉన్నాను. మా రైతులందరూ మిరప రైతులే. ఎగుమతిదారులు మందుల అవశేషాల పరీక్ష చేయించాకే సరుకు తీసుకుంటారు, అందుకని ఎప్పుడు ఏ మందు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో చెప్పడం నా పని. రెండోదే కష్టం. పక్క చేనువాడు పంపు భుజానికెత్తుకుంటే మన రైతు చేతులు కట్టుకుని కూర్చోలేడు. పూలు దులిపి చూపించి, "ఇదిగో, ఇన్నే ఉన్నాయి, ఈ వారం ఆగండి" అంటే మాత్రం కొందరైనా ఆగుతున్నారు. తెల్ల కాగితం మీద పూలు దులిపి లెక్కపెట్టడం మీరు నేర్పించిందే.

పై చదువు ఆలోచన కూడా ఆ మిరప చేలోనే మొదలైంది. 2021 నవంబర్‌లో మా హోస్ట్ రైతు చేలో పూలు రాలిపోతుంటే ఊళ్లో అందరూ మామూలు తామర పురుగే అన్నారు. కానీ పై ముడత పెద్దగా లేదు, పురుగులు ఆకుల మీద కన్నా పూలలో ఎక్కువున్నాయి, రంగు కూడా నలుపు. సీసాలో వేసి తెస్తే మీరు స్లైడ్ చేసి, మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, "పేరు తర్వాత, ముందు బొమ్మ గీయి" అన్నారు. యాంటెన్నా భాగాలు, రెక్క మీది వెంట్రుకల వరస గీసేదాకా పేరు చెప్పలేదు. అది త్రిప్స్ పార్విస్పైనస్, 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన జాతి అని ఆ తర్వాతే చెప్పారు. ఆ సీజన్‌లో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మిరప రైతుకి అది ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా హోస్ట్ రైతు సంక్రాంతి నాటికి సగం చేను పీకేశారు.

ఆ తర్వాత వారం వారం లెక్కలు తీశాను. మొగ్గల్ని, విచ్చిన పూలని విడివిడిగా లెక్కించమని మీరు అన్నాకే నా పుస్తకం ఒక దారిలో పడింది. పురుగు ఎక్కువగా విచ్చిన పూలలోనే ఉందని, రెండు మూడు మందులు కలిపి కొట్టిన చేలో వారం తిరిగేసరికి మళ్లీ అంతే ఉందని అందులో కనపడింది. ఒక ఊరి లెక్క అది, శాస్త్రం అనను. కానీ మట్టిలో ప్యూపా దశ గడిపి మళ్లీ పైకొచ్చేవాటి మాటేమిటి, పూలలో దాన్ని తినే ఓరియస్ అనే మిత్రపురుగు మందులకి ముందే చచ్చిపోతోందా అనే ప్రశ్నలు అప్పటి నుంచీ వదల్లేదు. ఎమ్మెస్‌లో చేయాలనుకుంటున్న థీసిస్ కూడా దీని చుట్టూనే.

యూనివర్సిటీలు కూడా ఈ లెక్కనే ఎంచుకున్నాను. మొదటిది గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా యూనివర్సిటీ. మన నల్ల తామర పురుగు 2020లో ఫ్లోరిడాలోనూ బయటపడింది, అక్కడ నర్సరీ మొక్కల మీద. రెండోది జార్జియా యూనివర్సిటీ. టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్‌ని తామర పురుగులు ఎలా మోస్తాయన్న దాని మీద వాళ్ల టిఫ్టన్ క్యాంపస్‌లో చాలా ఏళ్లుగా పని జరుగుతోంది. మూడోది నార్త్ కరోలినా స్టేట్, అక్కడ కీటకాలకీ తెగుళ్లకీ కలిపి ఒకటే డిపార్ట్‌మెంట్. 2000లో అనంతపురం వేరుశనగని ముంచిన కాండం కుళ్లు గురించి మీరు చెప్పిన క్లాసు వల్లే ఈ మూడోదాని మీద మనసు పోయింది. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్, దాన్ని చేనుకి చేర్చేది తామర పురుగు. రెండు సబ్జెక్టులు వేర్వేరు గదుల్లో చదివితే ఆ కథ అర్థం కాదని ఆ రోజు మీరు బోర్డు మీద గీసిన బొమ్మ ఇంకా నా నోట్సులో ఉంది.

ఇప్పుడు లెటర్ సంగతి. డిగ్రీలో నా ఓజీపీఏ 7.62. అది చూసి ఎవరూ పిలిచి సీటివ్వరు. థీసిస్‌తో ఎమ్మెస్ అంటే అక్కడ ఒక ప్రొఫెసర్ నన్ను తన ల్యాబ్‌లోకి తీసుకోవడానికి ఒప్పుకోవాలి, అప్పుడే అసిస్టెంట్‌షిప్ వస్తుంది. అది వస్తే ఫీజు మాఫీ అయి నెలనెలా కొంత స్టైపెండ్ ఇస్తారు. రాకపోతే నేను వెళ్లను, ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకునే ఉద్దేశం నాన్నకీ లేదు, నాకూ లేదు. మీ లెటర్ చదివేది కూడా ఆ ప్రొఫెసరే. మన దగ్గర అలవాటుగా రాసే "సిన్సియర్, ఒబీడియెంట్, గుడ్ మోరల్ క్యారెక్టర్" వాళ్లకి ఏమీ చెప్పవు. ఈ పిల్లని చేలో వదిలేస్తే ఏం చేస్తుంది, లెక్కలు నమ్మొచ్చా, చెప్పింది వింటుందా, ఎదురు ప్రశ్న వేస్తుందా, ఇవే వాళ్లకి కావాలి. వీటికి జవాబు తెలిసిన మనిషి మీరొక్కరే సార్. మిగతా రెండింటిలో ఒకటి మా ప్లాంట్ పాథాలజీ మేడమ్ రాస్తున్నారు, క్లాసులో నా చదువు గురించి. రెండోది మా కంపెనీ సీఈఓ, ఇప్పటి ఉద్యోగం గురించి. రావే రోజుల సంగతి, నా పరిశీలన పుస్తకం సంగతి వాళ్లకి తెలియదు.

"నువ్వే రాసి పట్రా, సంతకం పెడతాను" అనడం మన దగ్గర మామూలే. మీరు అలా అనరని తెలిసినా ముందే చెబుతున్నాను, నేను డ్రాఫ్ట్ పంపడం లేదు. నా గురించి నేను రాసుకుంటే అది మీ లెటర్ అవదు. బ్యాచ్‌లో నేను ఫస్ట్ కాదు, అలా రాయకండి. నాలో లోపం కనబడితే అదీ రాయండి. దరఖాస్తులో ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టాను, కాబట్టి మీరేం రాశారో నాకు ఎప్పటికీ తెలియదు. నాకు చూపించాలని మొహమాటపడకండి. ఒక పేజీ, మహా అయితే పేజీన్నర, ఇంగ్లీషులో చాలు. ఒకటే లెటర్ మూడింటికీ వాడొచ్చు, పైన యూనివర్సిటీ పేరు మారిస్తే సరిపోతుంది.

పంపే పద్ధతి ఇది. దీపావళి అయ్యాక నేను దరఖాస్తులో మీ మెయిల్ ఐడీ ఇస్తాను. ఒక్కో యూనివర్సిటీ నుంచి ఒక్కో లింక్ మీకు వస్తుంది, ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్‌లో చూడండి. లింక్ తెరిస్తే ముందు చిన్న ఫారం ఉంటుంది. నేను ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, మీరు చూసిన విద్యార్థుల్లో ఎక్కడుంటాను, ఇలాంటివి అడుగుతారు. ఆ తర్వాత లెటర్‌ని పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయాలి. కాలేజీ మెయిల్ ఇంకా పనిచేస్తుంటే అదే చెప్పండి, దానికి విలువ ఎక్కువ. రిటైరయ్యాక ఆపేసి ఉంటే జీమెయిల్ అయినా పర్లేదు. లెటర్‌హెడ్ లేకపోయినా తెల్ల కాగితం మీద, చివర రిటైర్డ్ ప్రొఫెసర్ అనీ, పనిచేసిన డిపార్ట్‌మెంట్, కాలేజీ పేర్లూ రాసి సంతకం పెడితే చాలు.

నేనే లాప్‌టాప్ తీసుకుని బాపట్ల వచ్చి అప్‌లోడ్ చేద్దామనుకున్నాను, కానీ దరఖాస్తు పెట్టినవాళ్లు ఆ పేజీ ముట్టుకోకూడదు. మీ ఇంట్లో పిల్లలెవరైనా పక్కన ఉన్నప్పుడు చేయండి. గడువు అక్కడి తూర్పు తీరం లెక్కన డిసెంబర్ 1 అర్ధరాత్రి వరకు, అంటే మనకి 2వ తేదీ ఉదయం పదిన్నర. అంతవరకు ఆగితే మాత్రం ఆ రోజే మీ వీధిలో కరెంటు పోతుంది. మీకు ఇబ్బంది లేకపోతే నవంబర్ 10న ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేస్తాను, అంతకుముందు విసిగించను.

కొన్ని కాగితాలు జతచేశాను. అన్నీ చదవక్కర్లేదు. రావే పుస్తకం స్కాన్‌లో మీ ఎర్ర ఇంకు రాతలున్న పేజీలు ముందుకి పెట్టాను, లెటర్ రాసేముందు అవి ఒకసారి తిరగేస్తే చాలు. ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఎస్ఓపీలో మీ మాటగా రాసింది ఏదైనా తప్పుగా అనిపిస్తే చెప్పండి, అది ఇంకా డ్రాఫ్టే, మారుస్తాను. స్క్రీన్ మీద చదవడం ఇబ్బందని ఇవన్నీ ప్రింట్ తీసి రేపు స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను.

మేడమ్ గారికి నా నమస్కారాలు చెప్పండి. నా ఫోన్ నంబరు కాలేజీ రోజుల్లోదే, మారలేదు. పొద్దున పదకొండు దాకా చేలలో ఉంటాను, సిగ్నల్ సరిగా ఉండదు. సాయంత్రం ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

మీ విద్యార్థిని,
అనూష

జతపరిచినవి: ఎస్ఓపీ డ్రాఫ్ట్ (2 పేజీలు), రెజ్యూమె, డిగ్రీ మార్కుల పత్రం, రావే పరిశీలన పుస్తకం స్కాన్, మూడు యూనివర్సిటీల గడువు తేదీల కాగితం