ఈ దసరాకు మా తోలు బ్యాగుల మీద ఆఫర్ లేదు

సోమవారం పోస్ట్

వారం రోజులుగా ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న: "పండక్కి ఎంత తగ్గిస్తున్నారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడే రాస్తున్నా. తగ్గించడం లేదండి. ఆఫీసు బ్యాగు 11,500. దసరాకూ అంతే, దీపావళికీ అంతే, ఏ పండగా లేని మంగళవారానికీ అంతే.

ఒక్కసారి తగ్గించాం. హనుమకొండలో షాపు తెరిచిన రెండో ఏడు 30 శాతం అని బోర్డు పెడితే పది రోజుల్లో 40 ఆర్డర్లు వచ్చాయి. మేమున్నది ముగ్గురం. అంచులకు ఇసుక కాగితం మూడుసార్లు పట్టాల్సింది ఒక్కసారితో సరిపెట్టాం. ఆరు నెలల్లో తొమ్మిది బ్యాగులు అంచులు లేచి వెనక్కి వచ్చాయి. దానికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఒక ఫోన్. సేల్‌కి రెండు వారాల ముందు పూర్తి ధరకు కొన్న మేడమ్ చేశారు. "అయితే ముందు కొన్నవాళ్ళం పిచ్చోళ్ళమా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ బోర్డు ఇప్పుడు తోలు కోసేటప్పుడు బల్ల మీద పరుచుకోడానికి పనికొస్తోంది.

ఈ వారం ఆఫర్లకు బదులు పని చూపిస్తా. అంతా చూశాక కూడా ధర ఎక్కువే అనిపిస్తే నిరభ్యంతరంగా కొనకండి.

మంగళవారం పోస్ట్: తోలు

మొదటి ఫొటోలో తోలు మీద సన్నటి గీత ఉంది చూశారా? ముళ్ళకంప గీసుకుని మానిన గాయం. పక్కనున్న చుక్కలు గోమార్లు కుట్టిన గుర్తులు. మెడ దగ్గర ముడతలు ఉంటాయి. ఇవి లోపాలు అనుకుని ఫోన్ చేసేవాళ్ళుంటారు. ఈ గుర్తులు కనపడకుండా చేయడం కష్టమేం కాదు. పై పొరను యంత్రంతో గీకేసి, రంగు పూసి, ఒకే రకం గీతలు అచ్చు వేస్తే మొత్తం నున్నగా వస్తుంది. కానీ తోలులో బాగా దట్టంగా ఉండేది ఆ గీకేసిన పై పొరే.

మేం తెచ్చేది తమిళనాడు రాణిపేట నుంచి, చెట్ల బెరడుతో పదును చేసిన తోలు. క్రోమియం లవణాలతో అయితే ఒకట్రెండు రోజుల్లో పదును చేసేస్తారు, బెరడుతో వారాలు పడుతుంది. మన ఊళ్ళలో లందల్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్ళు నానబెట్టిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. దాని బెరడు ఎన్ని తరాల చెప్పులను నిలబెట్టిందో అంతగా తెలియదు.

ఒక తోలు అంతా బ్యాగుకు పనికిరాదు. పట్టీ కోసేది వీపు భాగం నుంచే, ఎందుకంటే పొట్ట దగ్గరి తోలు బరువుకు సాగుతుంది. అక్కడ కోస్తే ఆర్నెల్లలో మీ బ్యాగు భుజం దగ్గర మొదలై మోకాలి దాకా దిగుతుంది. ఆ పొట్ట ముక్కలతో తాళంచెవుల పౌచ్‌లు చేస్తాం, అవీ మిగిలితే కొత్తగా వచ్చిన కుర్రాడు కుట్టు నేర్చుకోడానికి ఇస్తాం.

బుధవారం పోస్ట్: కుట్టు

ఈ వీడియోలో చేతులు మా నాన్నవి. బస్టాండు పక్కన ఇరవై ఏళ్ళకు పైగా చెప్పులు కుట్టారు. చేతిలో ఉన్న ఆరె కూడా అప్పటిదే. పిడి రెండుసార్లు మార్చాం, మొన మాత్రం పాతదే. కొత్తది కొనిస్తానంటే "దీని వంకర నా చేతికి తెలుసురా" అంటారు.

దారం ఒక్కటే, సూదులు రెండు. దారం రెండు కొసలకీ చెరో సూది. ఆరెతో బెజ్జం పొడిచి, కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి అదే బెజ్జంలోంచి తీస్తారు. రెండు చేతులూ ఒకేసారి బయటకు లాగితే ఒక కుట్టు. ఈ బ్యాగుకు అలాంటివి 1,164. (లెక్కపెట్టింది నేనే, రెండుసార్లు.) మైనం పట్టించిన దారం దాదాపు 17 మీటర్లు పడుతుంది. ఆరున్నర గంటల పని.

మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎక్కడో ఒకచోట తెగిందంటే ఆ వరస వదులై ఊడుతూ పోతుంది. చేతి కుట్టులో ఒక పోగు తెగినా రెండోది అదే బెజ్జంలో బిగుసుకుని ఉంటుంది. అలాగని మిషన్‌ను తిట్టడం లేదు. లోపలి గుడ్డ అస్తరు మేమూ మిషన్ మీదే కుడతాం. బరువు పడని చోట చేత్తో కుట్టి డబ్బులు అడగడం న్యాయం కాదు.

గురువారం పోస్ట్

ఈ రోజు చెప్పేదేం లేదు. అంచుకు తేనెమైనం రాసి గుండ్రటి చెక్కతో రుద్దుతున్న 40 సెకన్ల వీడియో. సౌండ్ పెట్టుకుని వినండి.

శుక్రవారం పోస్ట్: లెక్క

"1,500కే లెదర్ బ్యాగు వస్తుంది కదా అన్నా" అని నిన్న కామెంట్ పెట్టిన తమ్ముడికీ, అడగాలనుకుని మొహమాటపడ్డ మిగతావాళ్ళకీ. ట్యాక్స్ కాకుండా ఒక ఆఫీసు బ్యాగుకు మాకయ్యేది ఇదీ:

తోలు, కోతలో పోయేదాంతో కలిపి 10 చదరపు అడుగులు: 2,200
గట్టి ఇత్తడి కడ్డీలు, రింగులు, బకిల్: 850
దారం, మైనం, అస్తరు: 450
19 గంటల కూలి, గంటకు 200 చొప్పున: 3,800
అద్దె, కరెంటు, పనిముట్లు: 1,300
ప్యాకింగ్, కొరియర్: 350
రేపు రిపేరుకు వస్తే అయ్యే ఖర్చుకు పక్కన పెట్టేది: 400

మొత్తం 9,350. మిగిలేది 2,150. 20 శాతం ఆఫర్ అంటే 2,300 తగ్గించాలి. ప్రతి బ్యాగుకూ 150 నా జేబులోంచి పెట్టుకోవాలి. లేదా ముందు ధర 14,500 చేసి, దాన్ని కొట్టేసి పక్కన ఎర్ర అక్షరాల్లో 11,500 అని రాయాలి. అది చేతకాక కాదు, సిగ్గేసి చేయడం లేదు.

ఇక 1,500 బ్యాగు. అది మోసం అని నేననను. 'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉంటే తోలు ఉందని అర్థం, అంతే. ఏ పొరో, పైన ఎంత ప్లాస్టిక్ పూత ఉందో ఆ ముద్ర చెప్పదు. తోలు పొడిని జిగురుతో అతికించి షీట్లు చేసినవీ ఉన్నాయి. రెక్సిన్ రకాలు కొన్ని మన ఉక్కపోతకు బీరువాలో ఊరికే పెట్టినా పొట్టు రాలతాయి. ఏడాది వాడితే చాలనుకుంటే 1,500ది తీసుకోండి, తప్పేం లేదు.

శనివారం పోస్ట్: తిరిగొచ్చిన బ్యాగు

జనగామ నుంచి ఒక టీచరమ్మ ఆరేళ్ళ కిందట కొన్న బ్యాగు రిపేరుకు పంపారు. కొన్నప్పుడు లేత బాదం రంగు, ఇప్పుడు పాత బెల్లం రంగు. చెయ్యి ఆనే చోట ఇంకా ముదురు. అడుగున గుండ్రటి అచ్చు పడి ఉంది, ఆవిడ రోజూ తీసుకెళ్ళే టిఫిన్ డబ్బాది. పట్టీ రింగు దగ్గర పదకొండు కుట్లు అరిగాయి. నాన్న పాత బెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టారు. డబ్బులు తీసుకోలేదు, ఆ 400 ఉన్నది దీనికే. అచ్చును సరిచేయాలా అని అడిగితే "వద్దు బాబూ, అది నా డబ్బా గుర్తు" అన్నారు.

మీ దగ్గర మా బ్యాగు ఉంటే ఒక మాట. వానకు తడిస్తే గుడ్డతో అద్ది, లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు, తోలు బిరుసెక్కుతుంది. కొబ్బరినూనె పూయకండి, మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది.

దీపావళికి 14 బ్యాగులే చేయగలం. తొమ్మిదికి అడ్వాన్సులు వచ్చాయి. మిగిలిన ఐదింట్లో మూడు బెల్లం రంగు, రెండు నలుపు. కావాల్సినవాళ్ళు రంగు, మీ ఎత్తు రాసి మెసేజ్ పెట్టండి, పట్టీ పొడవు దాన్ని బట్టి కోస్తాం. ఆదివారం షాపు ఉండదు, నాన్న ఫోన్ ఎత్తరు.