కట్టమీది రామలింగేశ్వర స్వామి వారి సుప్రభాతం

(ప్రతిదినం తెల్లవారుజామున, గర్భగుడి ముందు తెర వేసి ఉండగానే పఠించవలసినది. ఒకరు చరణం చదివితే మండపంలో కూర్చున్నవారు పల్లవిని అందుకోవాలి. ఇది ఛందస్సుకు కట్టుబడిన పద్యం కాదు, వచనం. బడికి పోయే పిల్లలూ, అక్షరం రాని ముసలి తల్లులూ నాలుగు రోజులు విని ఐదవ రోజు తడబడకుండా పలకాలన్న కోరికతో ఇట్లా కూర్చడమైనది. సోమవారపు చరణాన్ని సోమవారాల్లో, కార్తీక చరణాన్ని కార్తీక మాసంలో మాత్రమే చదవాలి.)

పల్లవి

కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!
చెరువు గాచే మా దేవరా, నీకు సుప్రభాతం!

ప్రార్థన

వాకిటి గడపరాతి మీద అరచేయంత రూపంతో కూర్చుండి, లోపలికి పోయే ప్రతివాని పాదాన్నీ ముందుగా చూసే గణపయ్యా, నీ తండ్రిని మేలుకొలుపుటకు వచ్చినాము, త్రోవ విడువుమయ్యా. ఒక చెవి విరిగినా రెండవ చెవితోనే ఊరందరి మొరలనూ విని చేరవేసే నందీశ్వరా, మా మాటను నీ స్వామికి వినిపించుమయ్యా.

చరణం

తూర్పున తాటివనం వెనుక వేగుచుక్క పలుచబడుతున్నది, చెరువు నడుమ పొగమంచు పాలపొంగువలె లేచి కట్ట దాకా వచ్చి ఆగినది, ఇంకా చీకటి విడువకముందే ఏట్రింత తుమ్మకొమ్మ మీద నుండి తొలికూత కూసినది. నీటికోళ్లు తుంగలో నుండి బయటికి వచ్చి నీటి మీద గీతలు గీస్తున్నవి, కొంగలు మత్తడి రాళ్ల మీద ఒంటికాలి తపస్సుకు నిలిచినవి. మోకు భుజాన వేసుకొని ముస్తాదు నడుముకు కట్టుకొని మొదటి తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికునికి, అంత ఎత్తు నుండి నీ శిఖరం మీది కలశమే ముందుగా కనబడుతున్నది. దిక్కులు తెలవారుతున్నవి, దిక్పతీ, లెమ్ము.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

ఇంటింటి వాకిట సానుపు చల్లి, తడి ఆరకముందే ముగ్గు పొడి వ్రేళ్ల సందున జారవిడుస్తూ ఆడబిడ్డలు వంగి ఉన్నారు. పాడి బర్రె పొదుగు కడిగి, మొదటి ధార నేలకు విడిచి, రెండవ ధార నీ చెంబుకని వేరుగా పట్టినారు. పత్తి ఏరుటకు పోవు కూలి తల్లులు సద్ది గిన్నె మూటగట్టి ఆటో కొరకు వేపచెట్టు క్రింద నిలిచినారు, భూపాలపల్లి బొగ్గు గనిలో మొదటి షిఫ్టుకు పోవు బిడ్డ టోపీ దీపం సరిచూసుకొని నీ గుడి దిక్కు ఒకసారి చేయెత్తి మ్రొక్కి బండి ఎక్కినాడు, మిరప తోటకు నీళ్లు కట్టుటకు పోయిన రైతు కరెంటు ఎప్పుడు పోతుందోనని మోటారు పక్కనే కూర్చున్నాడు. నీరటి తూము దగ్గర పార ఆనించి, నీ గంట మ్రోగిన తరువాతనే తూము ఎత్తుదునని ఎదురుచూస్తున్నాడు. ఇంటిల్లిపాదీ లేచి పనికి పోయిన తరువాత ఇంటి పెద్ద ఒక్కడు పడుకొని ఉండటం ఏ ఊరి మర్యాద, స్వామీ?
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

నీ నాలుగు నల్లరాతి స్తంభాలు రాత్రి మంచుకు చెమర్చినవి, వాటి నునుపులో వెలిగించిన దివ్వె ఒకటి నాలుగై కనబడుతున్నది. పూజారి చెరువులో మూడు మునకలు వేసి, తడిపంచె పిండకుండానే కట్టుకొని, ఇనుప తాళంచెవి బొడ్డున దోపుకొని మెట్లెక్కుతుండగా, ప్రతి మెట్టు మీదా ఒక తడి పాదం అచ్చు నిలిచినది. రాగి బిందె అంచున నీరు తొణికి, వత్తి ముట్టించిన నూనె వాసనా, నలిగిన తుమ్మిపూల వాసనా, గబ్బిలాలు విడిచిన పాత రాతి వాసనా ఒకటైనవి. నీ మీద పోసిన నీరు పానవట్టం దాటి, సోమసూత్రం గుండా గోడ అవతలి గుంటలోకి జారి, అక్కడి గన్నేరు మొక్కను తడిపి, కాలువ వెంట మరల చెరువులోనే కలియును గదా. మా చెరువు ప్రతి ఉదయం నీ తల మీదుగా ఒకసారి ప్రవహించి వచ్చును. ఆ గంగ నీ జటలలో చిక్కుకొన్నదని పురాణం చెప్పినది, ఈ గంగ నీ మేల్కొలుపు కొరకు బిందెలో నిలిచి ఉన్నది.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

లంకకు పోయివచ్చిన రాముడు సముద్రపు ఒడ్డున ఇసుకను ప్రోగుచేసి పూజించినందున రామలింగమను పేరు పొందినవాడా, అదే పేరుతో పాలంపేటలో, ఇసుక నింపిన పునాది మీద, నీట వేస్తే తేలే ఇటుకల శిఖరం క్రింద, 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన ఆలయంలో వెలసినవాడా, ఇసుక నీకు కొత్త కాదు, నీరు నీకు కొత్త కాదు. ఊరు కట్టదలచినప్పుడు ముందు చెరువు త్రవ్వి, చెరువు కట్ట మీద గుడి నిలిపిన కాకతీయుల నేల ఇది. పాఖాల, లక్నవరం, రామప్ప సముద్రాలు నేటికీ పొలాలకు నీరు ఇస్తూనే ఉన్నవి. వాటి పక్కన మాది చిన్న చెరువు, నీది చిన్న గుడి. అయినను మడి తడిసేది ఈ చిన్న చెరువు నీళ్లతోనే గనుక, మాకు నీవే సముద్రపు ఒడ్డున ఉన్నవాడవు.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో, వాసుదేవునితోనూ సూర్యునితోనూ ఒకే మండపం పంచుకొన్న రుద్రేశ్వరుడు, ఇరుగుపొరుగు అలికిడికి ఎప్పుడో లేచి ఉంటాడు. సూర్యుడే పక్క గదిలో ఉన్నప్పుడు ఎవరైనా ఎంతసేపని పడుకొనగలరు! గోదావరీ ప్రాణహితలు కలిసే కాళేశ్వరంలో యముడూ నీవూ ఒకే పానవట్టం మీద లేచినారు. వేములవాడ రాజన్న కోడెల మెడ గంటలకు లేచినాడు. ఐనవోలు మల్లన్న ఒగ్గు డోలు చప్పుడుకు లేచినాడు. ఓరుగల్లు భద్రకాళమ్మ చెరువు గాలికి లేచినది. నీ చుట్టపక్కాలందరూ లేచినారు, మేమే నీకు ఆలస్యంగా చెప్పినామని తరువాత మమ్ము నిందింపకుమయ్యా.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

నీకు తండ్రి లేడనీ, తల్లి లేదనీ, తలంటి పోసి కాటుక దిద్ది ముద్ద పెట్టే దిక్కు లేదనీ కంటనీరు పెట్టుకొని, నేనే తల్లినవుతానని ముందుకు వచ్చిన బెజ్జ మహాదేవి కథను మన పాలకుర్తి సోమనాథుడు జాను తెనుగున చెప్పగా విన్నాము. గిన్నెలో పాలు తెచ్చి, నీవు త్రాగలేదని బెంగపడి ఏడ్చిన చిన్నారి గొడగూచి కథనూ విన్నాము. ఆ తల్లుల వలె మాకు నియమం తెలియదు, నిష్ఠ తెలియదు. కాని ముగ్గురు పిల్లలను లేపి, తలలు దువ్వి, టిఫిన్ డబ్బాలు నింపి బడి బస్సు ఎక్కించిన చేతులు మావి. బిడ్డను లేపుట మాకు తెలిసిన విద్య. ముందు మెల్లగా పిలుస్తాము, తరువాత దుప్పటి లాగుతాము. నీ దుప్పటి ఈ తెర, స్వామీ.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

చరణం

శోభకృత్ సంవత్సర అధిక శ్రావణంలో, 2023 జూలై చివరి వారాన, ఉత్తర తెలంగాణ వాగులన్నీ ఊళ్ల మీదికి మళ్లిన రాత్రి మాకు జ్ఞాపకమున్నది. మత్తడి మీద ఎర్రనీరు గర్జిస్తుండగా, కట్టకు బుంగ పడినదని నీరటి కేక వేయగా, మొగవారూ ఆడవారూ అని లేక, ఎరువుల సంచుల్లో మొరం నింపి, సెల్‌ఫోన్ల వెలుతురులో చేతి నుండి చేతికి అందించి, తెల్లవారుదాకా బుంగ మూసినాము. నీళ్లు నీ గుడి చివరి మెట్టును ముట్టి, గడపను మాత్రం దాటక, తెల్లవారి వెనుకకు తగ్గినవి. ఆ మెట్టు మీద ఒండ్రు మరక ఇప్పటికీ ఉన్నది. రుద్ది కడిగేవారిని వద్దని ఆపినవారము మేమే. ఆ రాత్రి నీకూ నిద్ర లేదు, మాకూ లేదు. ఆ బాకీ నిద్రను ఈ ఉదయం తీర్చుకొందునంటే మాత్రం ఒప్పుకొనము, మా బాకీ కూడా ఇంకా తీరలేదు.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

సోమవారపు చరణం

సోమవారం మారేడు త్రుంచరాదు గనుక నిన్న పొద్దుగూకక ముందే కోసి, పురుగు తిన్న ఆకును, చిల్లిపడిన ఆకును ఏరివేసి, మూడు ఆకులు ఒక్క తొడిమకు నిలిచినవాటినే తడిగుడ్డలో చుట్టి ఉంచినాము. విప్పి చూడగా ఒక్క దళమైనా వాడలేదు. నీ దినమున నీవే ఆలస్యం చేయుట తగదు, సోమధరా.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

కార్తీక చరణం

చన్నీళ్లలో మునిగిన పెదవులు వణుకుతుండగా, అరటి దొప్పలలో విడిచిన దీపాలు గాలికి కట్ట వైపే తిరిగి వస్తున్నవి. నీ ముఖం చూడనిదే అవి ముందుకు సాగవు కాబోలు.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

అమ్మవారి చరణం

తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చి, నడుమ పసుపు ముద్దగా నిలిపి, తొమ్మిది దినాలు ఆడి పాడి, పదుగురం కూడి ఈ చెరువు నీళ్లలోకి మేము సాగనంపిన గౌరమ్మ, ఒడినిండా సద్దులతో చేరినది నీ ఇంటికే గదా. అమ్మా పార్వతమ్మా, పుట్టినింటి వారము వచ్చినాము. ఆయనను మేము లేపితే కోపగించునేమో, నీవు లేపితే నవ్వుతూ లేచును. గాజులు ఒక్కసారి కదిలించుము తల్లీ, మా పని అయిపోవును.
కట్టమీది రామలింగా, కరుణతో కన్ను తెరువుమయ్యా!

విన్నపం

కట్ట తెగకుండా, తూము పూడకుండా, చెరువు శిఖం ఎవరి కంటా పడకుండా కాపాడుము. విత్తిన ప్రతి గింజ పుట్లకొద్ది పండాలని అడుగము, చేసిన అప్పుకు సరిపడా పండితే చాలును. బొంబాయికీ దుబాయికీ పోయిన బిడ్డలను పండుగకైనా ఇంటికి పంపుము. బర్రె ఈనవలె, బావి ఊరవలె, వాన వేళకు కురియవలె. మిగిలినవి మేము చూసుకొందుము.

మంగళం

రాతిలో నిలిచిన రామలింగేశ్వరునకు మంగళం,
నీటిలో నడిచిన గౌరమ్మ తల్లికి మంగళం,
ఒంటి చెవి నందికి, గడప గణపయ్యకు మంగళం,
నిండిన చెరువుకు, నిలిచిన కట్టకు మంగళం,
తూము ఎత్తబోయే నీరటి చేతికి మంగళం.

(ఇక్కడ తెర తొలగించి, కర్పూరం వెలిగించి, గంటను మూడు మారులు మ్రోగించవలెను. మూడవ గంట విన్న తరువాత నీరటి తూము ఎత్తును.)