మోడల్ మిక్స్‌చర్, సెకండరీ డామినెంట్: తేడా ఎక్కడ పట్టుకోవాలి

మొన్నటి పరీక్షలో మూడో ప్రశ్న చాలామంది ఒకేచోట తప్పారు. అందుకే ఈ నోట్. సి మేజర్‌లో ఇచ్చిన కార్డ్‌లు ఇవి:

C – C7 – F – Fm – G7 – C

C7లో బి ఫ్లాట్ ఉంది, Fmలో ఎ ఫ్లాట్ ఉంది. రెండూ సి మైనర్‌లో దొరికే స్వరాలే కాబట్టి రెండు కార్డ్‌లూ మోడల్ మిక్స్‌చర్ అని రాశారు. Fm విషయంలో అది సరే. C7 మాత్రం సెకండరీ డామినెంట్, V7/IV. పరాయి స్వరం ఎక్కడిదని వెతకడం దగ్గరే ఆగిపోయారు. ఆ కార్డ్ ఏం పని చేస్తోందో కూడా అడగాలి.

పియానో దగ్గర కూర్చుని C7 వాయించి, అక్కడే ఆపండి. చెవి ఊరుకోదు, F కావాలంటుంది. కారణం E స్వరం, బి ఫ్లాట్‌ల మధ్య ఉన్న ట్రైటోన్. E స్వరం సెమీటోన్ పైకెక్కి ఎఫ్‌కి, బి ఫ్లాట్ సెమీటోన్ దిగి ఎ‌కి చేరాలని చూస్తాయి. ఇక్కడ లీడింగ్ టోన్ పాత్ర వేస్తున్న E స్వరం మన కీలోదే. బి ఫ్లాట్ వచ్చి చేరగానే దాని పని మారిపోయింది. కాసేపు ఎఫ్ ఇల్లైనట్టు అనిపిస్తుంది. దీన్నే టానిసైజేషన్ అంటాం.

ఇప్పుడు Fm వాయించి ఆపండి. రంగు మారింది, కాస్త చీకటి పడింది. కానీ కొత్త ఇల్లేదీ కనిపించదు, ఇల్లు ఇంకా సి‌యే. F చేసే సబ్‌డామినెంట్ పనినే Fm చేస్తోంది, సి మైనర్ నుంచి అరువు తెచ్చుకున్న థర్డ్‌తో. కాబట్టి iv. మిక్స్‌చర్‌లో టానిక్ కదలదు, మోడ్ మారుతుంది. అరువు వచ్చేది ప్యారలల్ మైనర్ నుంచి. రిలేటివ్ మైనర్‌తో కలపకండి: Am ఎలాగూ సి మేజర్ కార్డే.

నాకు ఈ ప్రోగ్రెషన్ ఇష్టం, కారణం లోపలి వాయిస్. దాన్ని పాడి చూడండి: బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్, జి. మెట్టు మెట్టుగా దిగే ఒకే క్రోమాటిక్ గీత. అందులో మొదటి పరాయి స్వరం సెకండరీ డామినెంట్‌ది, రెండోది మిక్స్‌చర్‌ది. అంటే “షార్ప్ పైకెళ్తే సెకండరీ డామినెంట్, ఫ్లాట్ దిగితే మిక్స్‌చర్” అన్న అడ్డదారి సూత్రం ఇక్కడే విరిగిపోయింది. దాన్ని మరిచిపోండి.

ఒకే రూట్ మీద తేడా వినాలంటే, G7 ముందు ఒకసారి D7, ఇంకోసారి డి-ఎఫ్-ఎ ఫ్లాట్-సి పెట్టండి. D7లో ఎఫ్ షార్ప్ లీడింగ్ టోన్‌లా జి వైపు లాగుతుంది: V7/V. ఇది G7లోకి వెళ్తే ఆ ఎఫ్ షార్ప్ చాలాసార్లు ఎఫ్‌కి జారుతుంది, అయినా పేరు మారదు. రెండోది iiø7. అందులో ఎ ఫ్లాట్ పైనుంచి జి మీదకి వాలుతుంది. గమ్యం ఒకటే, కానీ జి‌ని టానిక్ చేయబోయేది మొదటిదే.

సెకండరీ డామినెంట్ తన గమ్యం చేరకపోయినా పేరు పోదు. E7 తర్వాత Am రాకుండా F వస్తే అది V7/vi డిసెప్టివ్ రిజల్యూషన్. జి షార్ప్ ఎ‌కే వెళ్తుంది చూడండి, F కార్డ్‌లో ఎ ఉంది. ఆ జి షార్ప్‌ని ఎ ఫ్లాట్ అని రాస్తే మాత్రం మార్కు పోతుంది. పియానో మీద మీట ఒకటే అయినా, స్పెల్లింగ్ దాని దారి చెబుతుంది.

గట్టి పరీక్ష B♭7. సి మేజర్‌లో దాని తర్వాత C వస్తే అది మిక్స్‌చరే, ♭VII7. బి ఫ్లాట్, డి, ఎఫ్, ఎ ఫ్లాట్ నాలుగూ సి మైనర్ స్వరాలే. డామినెంట్ సెవెంత్ ఆకారం ఉన్నంత మాత్రాన సెకండరీ డామినెంట్ కాదు. అదే B♭7 తర్వాత E♭ వస్తే V7/♭III. అప్పుడు గమ్యమే అరువు కార్డ్, దాని ముందున్నది దాని డామినెంట్. రెండు పద్ధతులూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

గురువారం క్లాసుకి E♭ మేజర్‌లో ఇది విశ్లేషించి తీసుకురండి:

E♭ – F7 – B♭7 – C♭ – A♭m – E♭

ఇందులో ఒక్క షార్ప్ గుర్తు కూడా లేదు. అయినా సెకండరీ డామినెంట్ ఉంది. ఏ స్వరం లీడింగ్ టోన్ అయిందో, ఏ స్వరాలు E♭ మైనర్ నుంచి వచ్చాయో ఒక్కో కార్డ్ కింద రాయండి. రాసేముందు ఒక్కసారి వాయించండి.