పెద్ద సారుకు వీడ్కోలు

అందరికీ నమస్కారం.

పెద్ద సార్‌కి, ఈ రోజు మన కోసం గద్వాల నుంచి వచ్చిన అమ్మగారికి, సీనియర్ సార్లకు, మేడమ్‌లకు, పొద్దున ఆరు గంటల నుంచి పొయ్యి దగ్గరే ఉన్న మన వంట అక్కలకు నా నమస్కారాలు.

ఈ స్టాఫ్‌లో అందరికంటే చిన్నదాన్ని నేను. వయసులోనూ, సర్వీసులోనూ. డీఎస్సీ 2024లో సెలక్ట్ అయి ఆ అక్టోబరులో బయాలజీ స్కూల్ అసిస్టెంట్‌గా ఇక్కడ చేరాను. సార్‌తో నాది పదిహేను నెలల పరిచయం. ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన తెలుగు మేడమ్ ఉండగా నేను మాట్లాడటం సరి కాదనుకున్నాను. మేడమే అన్నారు, "మేమంతా చెప్పేవి ఆయనకు తెలిసినవే, నువ్వు చెప్పు" అని. అందుకే నిలబడ్డాను. చేయి వణుకుతోంది, కాగితం చూసి చదువుతాను, ఏమీ అనుకోవద్దు.

నేను చేరినప్పుడు దసరా సెలవులు అయిపోయి బడి తెరిచి రెండు రోజులైంది. తొమ్మిదో తరగతికి నన్ను క్లాస్ టీచర్‌ని చేశారు. నలభై రెండు మందిలో ఇరవై ఆరు మంది వచ్చారు. నేను రిజిస్టర్‌లో పదహారు ఆబ్సెంట్‌లు వేసి, మొత్తం కూడి, సంతకం పెట్టి ఆఫీసు రూమ్‌లో ఇచ్చాను. సార్ చూసి, "పదహారు మంది ఎందుకు రాలేదమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "రేపు కనుక్కో" అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు.

మరుసటి రోజు ఒక అమ్మాయి వచ్చింది. పేరు చెప్పను, ఇప్పుడు పదో తరగతిలో ఉంది, బయట వరండాలోనే చదువుకుంటూ ఉంటుంది. బడి తెరిచినప్పటి నుంచి ఎందుకు రాలేదని క్లాసు మధ్యలో నిలబెట్టి గట్టిగా అడిగాను. తల వంచుకుంది, ఏమీ చెప్పలేదు. మర్నాటి నుంచి మళ్లీ రావడం మానేసింది. నాలుగు రోజులు చూశాను. రాత్రి నిద్ర పట్టేది కాదు. నా వల్లే మానేసిందని తెలుసు, ఎవరికి చెప్పాలో తెలియదు. చివరికి సార్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారని అనుకున్నాను. ఆయన టైం చూసుకుని, "ఏడు దాటినాక పోదాం. అప్పుడైతే ఇంట్లో పెద్దోళ్లు ఉంటరు" అన్నారు.

ఆ సాయంత్రం సార్, తెలుగు మేడమ్, నేను నడుచుకుంటూ వెళ్లాం. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వెళ్లారు. సార్ అరుగు మీద కూర్చున్నారు. పిల్ల బడికి ఎందుకు రావట్లేదని అడగనే లేదు. "అవ్వా, బువ్వ తిన్నవా?" అని అడిగారు. మోకాలి నొప్పి గురించి అడిగారు. బోరులో నీళ్లు వస్తున్నాయా అని అడిగారు. అవ్వ చెంబుతో నీళ్లు ఇస్తే తాగారు. ఇరవై నిమిషాలకు అవ్వే మొదలుపెట్టింది. నాలుగేళ్ల మనవడిని చూసుకునే వాళ్లు లేరు, తనకు కళ్లు సరిగా కనిపించవు, వాడు రోడ్డు మీదకి పరుగెత్తుతాడు, అందుకే అక్కను ఇంట్లో ఉంచుతున్నానని చెప్పింది.

తర్వాత సార్ చేసినది చాలా చిన్న పని. పొద్దున్నే అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడారు. ఆ అమ్మాయి తమ్ముణ్ణి అక్కడ దింపి బడికి వస్తుంది, సాయంత్రం ఆయమ్మ పిల్లాణ్ణి ఇంటి దగ్గర వదిలిపెడుతుంది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఒక్క కాగితం రాయలేదు. ఆ పిల్ల సోమవారం నుంచి వచ్చింది, ఇప్పటి దాకా మానలేదు. నేను బీఈడీలో పిల్లల మనస్తత్వం గురించి చదివి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ అరుగు మీద ఇరవై నిమిషాల్లో నేర్చుకున్నది మాత్రం అక్కడ ఎవరూ నేర్పలేదు.

సార్ దగ్గర నల్ల అట్ట నోటుబుక్ ఒకటి ఉంటుంది. మీ అందరికీ తెలుసు. నాకు ఆ తర్వాతే తెలిసింది. రెండు రోజులకు మించి రాని ప్రతి పిల్లాడి పేరు అందులో ఉంటుంది, పక్కన కారణం పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఒకరోజు చూడమని ఇచ్చారు. "మిరప కోత." "నాయనమ్మకు పక్షవాతం." "చెప్పులు తెగినయి, ఎండకు నడవలేదు." "లెక్కల సార్ అంటే భయం." "పెళ్లి మాటలు." పెళ్లి మాటలు అని రాసిన చోట రెండు గీతలు ఉన్నాయి. పిల్ల తిరిగి వస్తే ఆ వరుస రబ్బర్‌తో తుడిచేస్తారు. అందుకే పెన్సిల్. తుడవని వరుసలు కూడా ఉన్నాయి, పాత పేజీల్లో. వాటి గురించి నేను అడగలేదు. సార్ కూడా చెప్పలేదు.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మన నడిగడ్డలో సీడ్ పత్తి గురించి నేను మీకు చెప్పక్కర్లేదు. విత్తనం కోసం పత్తి పువ్వులను చేత్తో కలిపే క్రాసింగ్ పని మొదలైతే మన క్లాసులు ఎలా ఖాళీ అవుతాయో నేను మొదటిసారి పోయిన ఆగస్టులో చూశాను. పొద్దున పువ్వు విచ్చుకున్నప్పుడే ఆ పని చేయాలి కాబట్టి, సరిగ్గా బడి టైమే పోతుంది. సార్ పీఈటీ సార్‌ని వెంటబెట్టుకుని ఇంకా తెల్లవారకముందే చేల గట్ల మీద ఉండేవారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించకూడదని చట్టం ఉంది, చెప్పడానికి ఆఫీసర్లు ఉన్నారు. అవసరమైన చోట సార్ వాళ్లకు చెప్పారు కూడా. కానీ ముందు తనే వెళ్లేవారు. రైతుతో ఒకసారి, తల్లితో ఒకసారి, పిల్లాడితో విడిగా ఒకసారి మాట్లాడేవారు.

ఆ రోజుల్లోనే నన్ను పిలిచి ఒక మాట అన్నారు. "పువ్వు పాఠం ఎప్పుడు చెప్తవమ్మా?" సిలబస్ ప్రకారం ఇంకా టైం ఉంది సార్ అన్నాను. "ఇప్పుడు చెప్పు. చెప్పే ముందు వాళ్లను అడుగు" అన్నారు. నాకు అర్థం కాలేదు, అయినా అలాగే చేశాను. పత్తి పువ్వులు నాలుగు తెప్పించి టేబుల్ మీద పెట్టి, దీని గురించి మీకేం తెలుసో చెప్పండి అన్నాను. ఎప్పుడూ నోరు తెరవని చివరి బెంచీ అబ్బాయి లేచాడు. "మేడం, ముందు రోజు సాయంత్రం మొగ్గ గిల్లాలె. లోపలి పుప్పొడి తీసెయ్యాలె, కాయకొచ్చే కాడ తెగొద్దు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలె. ఎండెక్కితే పట్టదు" అన్నాడు. వాడి వేళ్లు మొగ్గను ఎంత నేర్పుగా విప్పాయో! నేను బోర్డు మీద విపుంసీకరణ, కీలాగ్రం, పరాగ సంపర్కం అని రాశాను. ఆ పని వాడికి ఎప్పటినుంచో వచ్చు, పేర్లే ఆ రోజు తెలిశాయి. సార్ వెనక బెంచీలో కూర్చుని మొత్తం విన్నారు. బయటికి వెళ్తూ ఆ అబ్బాయి భుజం మీద చేయి వేసి, "నువ్వు డిగ్రీలో వ్యవసాయం చదవాలె" అన్నారు. ఆ అబ్బాయి అప్పటినుంచి నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. కొన్నిటికి నేను ఇంటికి వెళ్లి చదువుకుని వచ్చి జవాబు చెప్తున్నాను.

తెలుగు మేడమ్ చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి, సార్ తనంతట తాను చెప్పరు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపూర్ వైపు ఊళ్లన్నీ మునిగినప్పుడు సార్ నది ఒడ్డు బడిలో స్కూల్ అసిస్టెంట్. నీళ్లు తీసినాక అందరూ బెంచీలు, బీరువాలు చూసుకుంటుంటే, ఆయన బురదలోంచి అడ్మిషన్ రిజిస్టర్లు వెతికి తీశారట. ఒక్కో పేజీ విడదీసి, నీడలో ఆరబెట్టి, చెరిగిన పేర్లు ఊళ్లో వాళ్లను అడిగి వేరే కాగితం మీద రాసుకున్నారట. ఇళ్లు పోయిన వాళ్ల పిల్లలు వేరే ఊరి బడిలో చేరాలన్నా, ఆ తర్వాత ఉద్యోగానికి పుట్టిన తేదీ చూపించాలన్నా ఆ రిజిస్టరే ఆధారం. మేడమ్ ఇది చెప్పినప్పటి నుంచి నేను రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు నెమ్మదిగా రాస్తున్నాను.

పుట్టిన తేదీ అంటే గుర్తొచ్చింది. సార్ అసలు పుట్టినరోజు సార్‌కే తెలియదు. "జొన్న కోతలప్పుడు పుట్టినవ్" అని వాళ్లమ్మ చెప్పేవారట. బడిలో చేర్చుకున్న పంతులు గారు లెక్క కట్టి 1965 జనవరి అని రాశారు. ఆ రాతతోనే ఈ రోజు, 2026 జనవరి 31న, అరవై ఒక్క ఏళ్లు నిండి సార్ రిటైర్ అవుతున్నారు. ఆ పంతులు గారు మార్చి అని రాసి ఉంటే ఈ పదో తరగతి పరీక్షల దాకా సార్ మనతోనే ఉండేవారు కదా అని నిన్న వంట అక్క అంది. నాకూ అదే అనిపించింది.

1989లో చేరి ముప్పై ఆరేళ్లు చేశారు. ప్రమోషన్లు, అవార్డుల సంగతులు మిగతా సార్లు చెప్తారు, నాకు సరిగా తెలియవు కూడా.

సార్, మీ మీద నాకు ఒక్క ఫిర్యాదు ఉంది. మీరు మధ్యాహ్నం పిల్లల వరుసలో చివర నిలబడి తింటారు. చాలా రోజులు కూర అయిపోయి ఉత్త పప్పుచారుతో తిన్నారు. షుగర్ ఉందని మాకు ఈ మధ్యే తెలిసింది. అమ్మగారూ, ఇక నుంచి టైంకి తినేలా మీరే చూడాలి.

నిన్న సాయంత్రం సార్ తాళాలు, క్యాష్ బుక్ అన్నీ అప్పగించారు. చివర్లో నల్ల నోటుబుక్ తీసి నా చేతిలో పెట్టారు. సీనియర్లు ఇంతమంది ఉండగా నాకెందుకు సార్ అని అడిగాను. "నీకు ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసు ఉందమ్మా" అన్నారు. దానితో పాటు సగం అరిగిన పెన్సిల్, రబ్బర్ కూడా ఇచ్చారు. ఇంటికి వెళ్లి చివరి పేజీ చూశాను. మూడు పేర్లు ఉన్నాయి. రెండింటి పక్కన కారణం రాసి ఉంది. మూడోది ఎనిమిదో తరగతి అబ్బాయిది, ఐదు రోజుల నుంచి రావట్లేదు, పక్కన ఖాళీగా ఉంది.

సోమవారం సాయంత్రం ఏడు దాటినాక పీఈటీ సార్, నేను వాళ్లింటికి వెళ్తున్నాం సార్. ఇంటికి రాగానే మీకు ఫోన్ చేస్తాను. మీరు భోజనం చేసి ఉండండి.